డ్రిప్ లోను కోసం బ్యాంకుకు రాసే ఉత్తరంలో ఏడాది లాభం లెక్క ఎలా ఉండాలి

డ్రిప్ కోసం లోను అడుగుతూ రైతులు బ్యాంకుకు రాసే ఉత్తరాల్లో చాలావాటిలో ఒకటే వరస ఉంటుంది. డ్రిప్ పెడితే సగం నీళ్లు మిగులుతాయి, దిగుబడి పెరుగుతుంది, కాబట్టి లోను ఇప్పించగలరు, ఇట్లు తమ విధేయుడు. ఇందులో అబద్ధం లేదు, కానీ మేనేజరుకు పనికొచ్చే ముక్క కూడా లేదు. ఆయన చూసేది ఒక్కటే, ఈ పైపులు వేసినందువల్ల ఏడాదికి అదనంగా ఎంత డబ్బు చేతికొస్తుంది, అందులోంచి కంతు కట్టగా ఇంకేమైనా మిగులుతుందా అని. మిగిలిన నీళ్లు బ్యాంకులో జమ కావు కదా. ఆ నీళ్లతో ఇంకో పంట తడిసి, అది అమ్ముడైతేనే అది రాబడి.

మదనపల్లె ప్రాంతంలో మూడెకరాలు, ఒక బోరు, 5 హెచ్‌పీ మోటారు ఉన్న రైతును ఉదాహరణగా తీసుకుందాం. కింద ఇచ్చే దిగుబడులు, ధరలు, ఖర్చులు లెక్క చూపించడానికి వేసుకున్నవి మాత్రమే, ఎవరి పొలం లెక్క వాళ్లు తమ మండీ పట్టీలు చూసుకుని వేసుకోవాల్సిందే. ఈ రైతు వేసవిలో ఎకరంన్నరలో కాలువల కింద టమోటా పెడతాడు. మిగతా ఎకరంన్నరలో ముంగారు వానకు వేరుశనగ వేసి, పంట తీశాక మళ్లీ వాన పడేదాకా బీడుగా వదిలేస్తాడు. భూమి లేక కాదు, నీళ్లు చాలక.

మొట్టమొదట మేనేజరు అడిగే ప్రశ్న ఊహించొచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో సన్న, చిన్నకారు రైతులకు ఐదెకరాల లోపు డ్రిప్‌కు 90 శాతం సబ్సిడీ ఉంది కదా, ఇక లోను దేనికి? ఉత్తరం ఈ ప్రశ్నకు ముందే జవాబు చెప్పాలి. సబ్సిడీ వచ్చేది డ్రిప్ సామానుకు, అదీ ప్రభుత్వం కట్టిన యూనిట్ ధర వరకు. పొలంలో అసలు ఖర్చు దాని చుట్టూ ఉంటుంది. మన ఉదాహరణలో మూడెకరాల డ్రిప్ అంచనా 1,65,000. అందులో సబ్సిడీ 1,48,500 పోతే రైతు వాటా 16,500. కానీ పాత మోటారు అరిగిపోయి డ్రిప్‌కు కావాల్సిన ప్రెషర్ ఇవ్వలేకపోతోంది, కొత్త సెట్టుకు 42,000. బోరు ఒక మూల ఉంది కాబట్టి అక్కడినుంచి మడుల దాకా భూమిలో పైపు వేసి కాలువ తవ్వి పూడ్చడానికి 36,000. బోరులో ఇసుక వస్తోంది కాబట్టి కిట్‌తో వచ్చే జల్లెడ ఫిల్టరు ముందు హైడ్రోసైక్లోన్ ఒకటి పెట్టాలి, దానికి 9,500. అన్నీ కలిపితే 2,52,500, సబ్సిడీ తీసేస్తే 1,04,000. అందులో రైతు తన చేతినుంచి 24,000 పెట్టుకుని 80,000 టర్మ్ లోను అడుగుతున్నాడు.

ఇక్కడ చాలామంది మల్చింగ్ షీటునూ, నీళ్లలో కరిగే ఎరువులనూ కూడా లోనులో కలిపేస్తారు. అది తప్పు. షీటు ఒకటి రెండు పంటలకు చిరిగిపోతుంది, దానికి ఐదారేళ్ల వాయిదాల్లో వడ్డీ కట్టడం అంటే చిరిగిన షీటుకు ఇంకో నాలుగేళ్లు వడ్డీ కట్టుకుంటూ పోవడమే. అవి పంట పెట్టుబడి, కిసాన్ క్రెడిట్ కార్డు మీద పంట రుణంలోకి వెళ్లాలి. సకాలంలో కడితే వడ్డీ 4 శాతానికి దిగే రాయితీ కూడా ఆ పంట రుణానికే, మోటారు, పైపుల కోసం తీసుకునే టర్మ్ లోనుకు అది వర్తించదు. కాబట్టి లెక్కలో 4 శాతం వేసుకుని ఉత్తరం రాస్తే మేనేజరు మొదటి నిమిషంలోనే పక్కన పెడతాడు. ఇక్కడ 11 శాతం అనుకుందాం. 2025 జనవరి 1 నుంచి రిజర్వు బ్యాంకు రెండు లక్షల దాకా వ్యవసాయ రుణాలకు తాకట్టు అక్కర్లేదంది, కాబట్టి 80,000కి భూమి తనఖా అడిగితే ఆ మాట మర్యాదగా గుర్తు చేయొచ్చు.

ఇక అసలు విషయం, నీళ్లు. ఈ ఉత్తరం మొత్తంలో మేనేజరు నమ్మడానికో నమ్మకపోవడానికో కారణమయ్యే అంకె ఒకటుంటే అది బోరు ఎన్ని నీళ్లు పోస్తుందన్నదే. "మా బోరు రెండించీలు పోస్తది" అంటే ఊళ్లో అర్థమవుతుంది గానీ లెక్కకు రాదు. 200 లీటర్ల డ్రమ్ము తెచ్చి డెలివరీ పైపు కింద పెట్టి, ఫోనులో టైం చూస్తూ నింపితే చాలు. అయితే అది ఎప్పుడు చేశామన్నది ముఖ్యం. అక్టోబరులో వానలు పడ్డాక కొలిస్తే ఏ బోరైనా రాజాలా కనిపిస్తుంది. మార్చి, ఏప్రిల్ నెలల్లో, మోటారు ఒక గంట ఆగకుండా ఆడిన తర్వాత కొలవాలి, ఎందుకంటే మొదటి పది నిమిషాలు వచ్చేది కేసింగులో నిలిచిన నీళ్లు, ఆ తర్వాత వచ్చేదే బోరు అసలు ఊట.

మన ఉదాహరణలో డ్రమ్ము నిండడానికి 80 సెకన్లు పట్టింది. అంటే సెకనుకు రెండున్నర లీటర్లు. పగటి కరెంటు తొమ్మిది గంటలు ఆడితే రోజుకు 81,000 లీటర్లు. ఒక ఎకరం మీద ఒక మిల్లీమీటరు నీళ్లు నిలబెట్టాలంటే నాలుగు వేల లీటర్ల పైన కొంచెం కావాలి. నడివేసవిలో కాయ మీదున్న టమోటాకు రోజుకు ఆరు మిల్లీమీటర్లు అనుకుంటే అది ఎకరానికి దాదాపు 24,000 లీటర్లు. కాలువల్లో పారిస్తే దారిలో ఇంకేది ఇంకిపోగా, ఎండకు ఆవిరయ్యేది పోగా, వేరుకు అందేది సగానికి కాస్త పైన, అందుకని బోరునుంచి 44,000 లీటర్లు తోడాలి. డ్రిప్‌లో పదో వంతు పోయిందనుకున్నా 27,000తో సరిపోతుంది. ఇప్పుడు 81,000ని ఈ రెండు అంకెలతో విడివిడిగా భాగిస్తే కాలువల కింద పారేది ఎకరం ఎనభై సెంట్లు, డ్రిప్ కింద మూడెకరాలు. రైతు ఇన్నాళ్లూ ఎకరంన్నర మాత్రమే ఎందుకు పెడుతున్నాడో కూడా ఈ లెక్కే చెప్పేస్తోంది, కాస్త తేడాకు చోటు ఉంచుకుని పెడుతున్నాడంతే. ఇలా పాత అలవాటుతో సరిపోలే లెక్క చూస్తే మేనేజరు కొత్త లెక్కను కూడా నమ్ముతాడు.

అయితే మూడెకరాలకు సరిగ్గా సరిపోవడం అంటే మిగులు సున్నా అన్నమాట, మే నెలలో బోరు తగ్గితే ఎండేది పంటే. అందుకే రెండో ఎకరంన్నరలో కూడా టమోటా అని రాయకుండా, డిసెంబరులో విత్తి ఏప్రిల్‌లో పీకేసే వేరుశనగ అని రాయడం తెలివైన పని. వేరుశనగ ఏప్రిల్‌లో తప్పుకుంటుంది కాబట్టి మే నెలలో నీళ్లు కావాల్సింది ఎకరంన్నర టమోటాకే, అంటే రోజుకు నలభై వేల లీటర్లు. బోరు సగానికి పడిపోయినా పంట నిలబడుతుంది. ఉత్తరంలో ఈ ఒక్క వాక్యం ఉంటే "బోరు ఎండిపోతే?" అన్న ప్రశ్నకు పూర్తిగా కాకపోయినా చాలావరకు జవాబు దొరికినట్టే. భూగర్భ జలాలు మిగులుతాయని మాత్రం రాయొద్దు, మిగలవు, ముందు తోడిన నీళ్లే ఇప్పుడూ తోడుతున్నాం, కాకపోతే రెండింతల నేల తడుస్తోంది.

ఇంకో అంకె కూడా ఉత్తరాల్లో తరచూ కనబడుతుంది, కరెంటు బిల్లు ఆదా. ఆంధ్రలోనూ తెలంగాణలోనూ వ్యవసాయ కరెంటు ఉచితం. కట్టని బిల్లులో ఆదా ఏముంటుంది? వేరే రాష్ట్రాల నమూనా ప్రాజెక్టు రిపోర్టు చూసి దించేస్తే ఇలాంటి అంకెలు చొరబడతాయి, అవి కనబడగానే మిగతా అంకెల మీద కూడా అనుమానం వస్తుంది.

ఇప్పుడు డబ్బు లెక్క. దీన్ని రెండు వరుసల్లో వేయాలి, డ్రిప్ లేకుండా ఏడాదికి ఎంత, డ్రిప్‌తో ఎంత. ఈ రెండింటి తేడాయే డ్రిప్ సంపాదించింది. మొత్తం అమ్మకాన్ని లాభంగా చూపించే ఉత్తరాలు చాలా వస్తుంటాయి, అందులో రైతు ఎలాగూ సంపాదించేది కూడా కలిసిపోతుంది. ముంగారు వేరుశనగ రెండు వరుసల్లోనూ ఒకేలా ఉంటుంది కాబట్టి దాన్ని అసలు ఎత్తక్కర్లేదు.

డ్రిప్ లేకుండా టమోటా ఎకరాకు 10 టన్నులు, కిలో 9 రూపాయలు, అంటే 90,000. ఖర్చు 72,000. మిగిలేది 18,000, ఎకరంన్నరకు 27,000. ఇక డ్రిప్‌తో 13 టన్నులు అనుకుందాం, అదే 9 రూపాయలకు 1,17,000 వస్తుంది. ఇక్కడ ఖర్చు పాతదే వేస్తే పట్టుబడిపోతారు. పెరిగిన మూడు టన్నులు తెంపాలి, క్రేట్లకెత్తాలి, మండీకి తోలాలి, కమీషన్ ఇవ్వాలి, కిలోకు మూడు రూపాయల చొప్పున 9,000 అదనం. మల్చింగ్, కరిగే ఎరువులకు ఇంకో 10,000. కలుపు కూలీ, నీళ్లు కట్టే కూలీ తగ్గడం వల్ల 6,000 కలిసొస్తుంది. అన్నీ పోగా ఖర్చు 85,000, మిగిలేది 32,000, ఎకరంన్నరకు 48,000. దీనికి వేసవి వేరుశనగ ఎకరాకు 9 క్వింటాళ్లు, క్వింటాలు 6,000 చొప్పున 54,000లో ఖర్చు 36,000 పోతే 18,000, ఎకరంన్నరకు 27,000. రెండూ కలిపి 75,000. డ్రిప్‌కు ఏటా పెట్టే 5,000 నిర్వహణ తీసేస్తే 70,000. పాత 27,000 పోగా డ్రిప్ వల్ల అదనంగా వచ్చేది 43,000.

ఖర్చుల విషయంలో ఒక మాట. ప్రతి జిల్లాలో ఏ పంటకు ఎకరాకు ఎంత పంట రుణం ఇవ్వొచ్చో ఏటా జిల్లా సాంకేతిక కమిటీ ఖరారు చేస్తుంది, దాన్నే స్కేల్ ఆఫ్ ఫైనాన్స్ అంటారు. మేనేజరు టేబుల్ మీద ఆ కాగితం ఉంటుంది, ఉత్తరంలో రాసిన ఖర్చును ఆయన పోల్చేది దానితోనే. అంతకంటే బాగా తక్కువ ఖర్చు చూపిస్తే లాభం పెంచడానికి రాశారని అర్థమైపోతుంది. ధరకైతే గత నాలుగైదు సీజన్ల మండీ పట్టీలు జిరాక్సులు పెట్టి సగటు వేయడమే దారి. 2023 జూలైలో కిలో వంద దాటింది కదా అని ఆ ధర వేస్తే ఒక్క పంటతో లోను తీరిపోయి ఇంకో బోరు కూడా పడుతుంది, కాగితం మీద. అదే మదనపల్లె మార్కెట్‌కు తోలిన కాయకు తెంపిన కూలీ కూడా రాక రోడ్డు పక్కన పారబోసిన రోజులు మేనేజరుకు కూడా తెలుసు.

లోను వాయిదా సంగతి చూద్దాం. డ్రిప్ బిగించిన మొదటి ఏడాది పూర్తి లాభం రాదు. సబ్సిడీ మంజూరై కంపెనీ వాళ్లు వచ్చి బిగించేసరికి సగం సీజన్ గడిచిపోవచ్చు, ఎరువు ఎంత వదలాలో, రోజుకు ఎంతసేపు నడపాలో అలవాటయ్యేసరికి ఒక పంట పోతుంది. అందుకే మొదటి ఏడాది అదనపు రాబడి సగమే అని, అంటే 21,500 అని ఉత్తరంలోనే రాసేయాలి. ఆ ఏడాది వడ్డీ 8,800 మాత్రం కట్టి, రెండో ఏడాది నుంచి ఐదేళ్లు ఏటా 16,000 అసలు కట్టేలా అడిగితే మొత్తం ఆరేళ్లకు తీరుతుంది. సబ్సిడీ నిబంధనల ప్రకారం అదే భూమికి మళ్లీ డ్రిప్ సబ్సిడీ రావాలంటే ఏడేళ్లు ఆగాలి, అంటే సర్కారు దృష్టిలో డ్రిప్ ఆయుష్షు అంతే. లోను దానికంటే ముందే తీరిపోవాలి, పైపులు పాడయ్యాక కంతులు కట్టే గతి పట్టకూడదు.

అన్నిటికంటే బరువైన ఏడాది రెండోది, అసలు 16,000, వడ్డీ 8,800, మొత్తం 24,800. అదనపు రాబడి 43,000 దీనికి 1.7 రెట్లు ఉంది. ఒకటిన్నర రెట్లు దాటితే బ్యాంకులు సాధారణంగా తృప్తిపడతాయి. ఇక్కడితో ఆపేసినా ఉత్తరం పాసవుతుందేమో, కానీ రైతు తన కోసమైనా ఇంకో మెట్టు దిగి చూడాలి.

టమోటా ధర 9 నుంచి 7కు పడిందనుకోండి. డ్రిప్‌తో పండిన 19,500 కిలోల మీద 39,000 పోతుంది. డ్రిప్ లేకపోతే 15,000 కిలోల మీద 30,000 పోయేది. తేడా లెక్కలో డ్రిప్ రాబడి 43,000 నుంచి 34,000కు మాత్రమే తగ్గుతుంది, చూడ్డానికి ఇంకా బాగానే ఉంది. కానీ వేసవి పంటల నుంచి ఇంట్లోకి వచ్చే మొత్తం డబ్బు చూస్తే 70,000 కాస్తా 31,000 అయింది, అందులో 24,800 బ్యాంకుకు పోతే ఇంటికి మిగిలేది 6,200. డ్రిప్ లేకపోతే ఈ రైతు 3,000 నష్టంలో ఉండేవాడు, కాబట్టి డ్రిప్ మంచిదే చేసింది, అయినా కంతు కట్టడం కష్టమే. అంటే ప్రాజెక్టు లాభసాటిగా ఉండటం వేరు, ఆ ఏడాది చేతిలో కంతు డబ్బు ఉండటం వేరు. ధర 6 రూపాయల 70 పైసల దగ్గరికి వచ్చేసరికి వేసవి పంటల మిగులంతా కంతుకే పోతుంది. ఈ అంకెను దాచకుండా రాసి, దాని పక్కనే ఇంటి ఖర్చు దేని మీద నడుస్తుందో రాయాలి, రెండు పాడి ఆవులుంటే పాల డెయిరీ జమలున్న పాస్‌బుక్ పేజీ పెట్టాలి. వైరస్ వచ్చి పంట పోతే డ్రిప్ ఏమీ ఆపలేదు, అది కూడా ఈ లెక్కలోకే వస్తుంది.

నిర్వహణకు వేసిన 5,000 చిన్న అంకెలా కనబడుతుంది గానీ 13 టన్నులన్న దిగుబడి నిలబడేది దాని మీదే. ఈ ప్రాంతపు బోరు నీళ్లలో సున్నం ఎక్కువైన చోట డ్రిప్పర్ల రంధ్రాల్లో తెల్లగా పేరుకుంటుంది. పైకి పైపంతా తడిగానే కనిపిస్తుంది, చివరి సాళ్ల మొక్కలు మాత్రం మధ్యాహ్నానికి వాడిపోతుంటాయి. గంటకు నాలుగు లీటర్ల డ్రిప్పరు కింద చిన్న సీసా పెట్టి ఒక నిమిషం పడితే 65 మిల్లీలీటర్ల పైచిలుకు రావాలి. సాలు మొదట్లో అంత వచ్చి చివర్లో 40 వస్తుంటే యాసిడ్ పెట్టి, ఎండ్ క్యాపులు తీసి పైపులు కడగాల్సిన టైం వచ్చిందని అర్థం. మొదట్లోనే తక్కువుంటే ముందు ఫిల్టరు విప్పి చూడాలి. వేసవిలో నీళ్ల కోసం ఉడతలు, ఎలుకలు పైపులు కొరకడం ఎలాగూ ఉంటుంది, జాయినర్లు ఒక సంచి ఇంట్లో ఉండాల్సిందే.

ఇవన్నీ కలిపి ఉత్తరం ఒక పేజీ, దాని వెనక ఒక పేజీ లెక్క చాలు. మధ్య భాగం ఇలా ఉంటే బాగుంటుంది:

"అయ్యా, నా మూడెకరాలకు డ్రిప్ సబ్సిడీ మంజూరైంది, మంజూరు కాగితం జతచేశాను. సబ్సిడీ పోను మోటారు, పైపులైను, ఫిల్టరు, నా వాటాతో కలిపి 1,04,000 అవుతుంది. 24,000 నేను పెట్టుకుంటాను, 80,000 టర్మ్ లోనుగా కోరుతున్నాను. ఏప్రిల్‌లో నా బోరు 200 లీటర్ల డ్రమ్ము 80 సెకన్లలో నింపింది, మీరు పొలానికి వచ్చినప్పుడు మళ్లీ కొలిచి చూపిస్తాను. ఇప్పుడు ఎకరంన్నర టమోటాతో ఏడాదికి 27,000 మిగులుతోంది. డ్రిప్ తర్వాత అదే టమోటాతోపాటు ఎకరంన్నర వేసవి వేరుశనగ కలిపి 70,000 మిగులుతుందని అంచనా. మొదటి ఏడాది ఈ పెరుగుదల సగమే వేసుకున్నాను. టమోటా కిలో 7 రూపాయలకు పడినా కంతు కట్టగలను, 6 రూపాయల 70 పైసల కంటే దిగితే పాల డబ్బు నుంచి కడతాను. నెలనెలా కాకుండా వేరుశనగ అమ్మాక మే నెలాఖరులో ఒకటి, టమోటా అయ్యాక జూలై నెలాఖరులో ఒకటి, ఏడాదికి రెండు కంతులుగా పెట్టగలరు."

చివరి వాక్యం గొంతెమ్మ కోరిక కాదు. పంట చేతికొచ్చే కాలాన్ని బట్టి వ్యవసాయ రుణానికి వాయిదాలు పెట్టుకోవడానికి బ్యాంకుకు వీలుంది, కానీ అడగకపోతే కంప్యూటర్లో నెలవారీ ఈఎంఐ పడిపోతుంది. పొలంలో పంట నిలబడి ఉండగానే ఫిబ్రవరి, మార్చి కంతులు బాకీ పడి, ఆ రికార్డు సిబిల్‌కు చేరితే తర్వాత పంట రుణం రెన్యువల్‌కు వెళ్లినప్పుడు అదే అడ్డు వస్తుంది. కాబట్టి మంజూరు పత్రం మీద సంతకం పెట్టే ముందు లోను మొత్తం, వడ్డీ కన్నా ముందు ఆ వాయిదా తేదీల కాలమ్ చదవాలి. డబ్బు రైతు ఖాతాలో పడకుండా నేరుగా మోటారు షాపుకూ పైపుల డీలరుకూ వెళ్తుంది, అందుకని జతచేసిన కొటేషన్లలోని మొత్తాలు ఉత్తరంలో రాసిన 42,000, 36,000, 9,500తో జీఎస్టీ కలుపుకుని రూపాయి తేడా లేకుండా సరిపోవాలి.